ఫ్రిజ్ తలుపు దానంతట అదే తెరుచుకుంటోందా? రబ్బరు మార్చే ముందు ఇది చదవండి

కొత్త రెండు తలుపుల ఫ్రిజ్ కొన్న మూడు వారాలకే మా ఇంట్లో పాలు విరిగిపోవడం మొదలైంది. పైన ఫ్రీజర్‌లో ఐసు రాయిలా ఉంది, కింద అరలో పెరుగు మాత్రం మధ్యాహ్నానికే పులిసిపోతోంది. మెకానిక్ వచ్చాడు, తలుపు రెండుసార్లు ఆడించి చూశాడు. రబ్బరు పోయిందన్నాడు, 2,800 రూపాయలు చెప్పాడు. రబ్బరుకు వారంటీ వర్తించదట. నెల కూడా నిండని ఫ్రిజ్‌కు రబ్బరు ఎలా పోతుందని అడిగితే, ‘కొన్నింటికి అంతే సార్’ అన్నాడు.

రబ్బరు పోలేదు. గ్యాసూ పోలేదు. ఫ్రిజ్‌ను నిలబెట్టిన తీరే తప్పు. ఆ తప్పు చేసింది డెలివరీ కుర్రాళ్లు, చూస్తూ ఊరుకున్నది నేను. మీరూ అలా చూస్తూ ఊరుకోకూడదనే ఈ పోస్టు.

మాది హైదరాబాదులో పాత అపార్ట్‌మెంటు. వంటగదిలో ఫ్రిజ్ కోసం గోడల మధ్య ఒక గూడు వదిలారు. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ పదేళ్లు అందులోనే హాయిగా ఉంది. కొత్తది కొనే ముందు గూడు వెడల్పు టేపుతో కొలిచాను. 66 సెంటీమీటర్లు వచ్చింది. ఫ్రిజ్ వెడల్పు 60. షాపులో అమ్మకపు కుర్రాడు ‘పట్టేస్తుంది సార్, ఇంకా చోటు మిగులుతుంది’ అన్నాడు. నేను కొలిచింది ఛాతీ ఎత్తులో. కింద రెండు వైపులా ముందుకు పొడుచుకొచ్చిన స్కర్టింగ్ టైల్స్ సంగతి నాకు తట్టలేదు. అక్కడ ఉన్నది 63 మాత్రమే. అంటే పక్కకు ఒకటిన్నర సెంటీమీటర్లు. గూడు కొలిచేటప్పుడు కింద, మధ్యలో, పైన మూడుచోట్లా కొలవండి. వాటిలో తక్కువ వచ్చిందే మీ కొలత.

పక్కన చోటు ఎందుకంటారా? పాత ఫ్రిజ్‌లకు వెనుక నల్లటి జాలీలా గొట్టాలు కనిపించేవి, వేడంతా అక్కడి నుంచే పోయేది. ఇప్పుడు చాలా ఫ్రిజ్‌లలో ఆ గొట్టాలు పక్క రేకుల లోపలే ఉంటాయి. అందుకే కొత్త ఫ్రిజ్ పక్కలు ముట్టుకుంటే వెచ్చగా తగులుతాయి. అది లోపం కాదు. కానీ ఆ వేడి బయటకు పోయే దారి ఉండాలి. పక్కలకు, వెనుకకు, పైకి ఎంతెంత వదలాలో మోడల్‌ను బట్టి మాన్యువల్‌లో రాసి ఉంటుంది, దాన్నే పాటించండి. మాన్యువల్ దొరకకపోతే పక్కలకూ వెనుకకూ ఐదు సెంటీమీటర్లు, పైన పది సెంటీమీటర్లు కనీసం వదలండి. వెనుక ప్లగ్గు ఉంటే ఇంకాస్త కావాలి. పెద్ద మూడు పిన్నుల ప్లగ్గు ఒక్కటే గోడ నుంచి అంతదూరం పొడుచుకొస్తుంది. ఫ్రిజ్‌ను వెనక్కి నెట్టేస్తే వీపు దాన్ని నొక్కుతూ ఉంటుంది.

మా గూట్లో ఆ చోటు లేదు. పక్కలు వెచ్చగా కాదు, చేయి ఆనించలేనంత వేడిగా ఉండేవి. కంప్రెసర్ రాత్రంతా ఆగకుండా తిరిగేది.

ఇక తలుపు సంగతి. అసలు కథ ఇక్కడే ఉంది.

డెలివరీ కుర్రాళ్లు ఫ్రిజ్‌తోపాటు చక్రాల ప్లాస్టిక్ స్టాండు కూడా తెచ్చారు. ‘ఇది లేకుండా పెడితే అడుగు తుప్పు పడుతుంది సార్’ అని 900 రూపాయలు తీసుకున్నారు. ఫ్రిజ్‌ను దానిమీదకు ఎక్కించి, గూట్లోకి నెట్టి, ప్లగ్గు పెట్టి, సంతకం చేయించుకుని వెళ్లిపోయారు. మొత్తం పది నిమిషాల పని.

ఫ్రిజ్ అడుగున ముందువైపు రెండు మరకాళ్లు ఉంటాయి, చేత్తో గానీ పానాతో గానీ తిప్పితే ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ కాళ్లు అలంకారానికి పెట్టినవి కావు. ఫ్రిజ్ ముందుభాగం వెనుకభాగం కన్నా పిసరంత ఎత్తులో ఉండాలి. అప్పుడు తలుపు కీళ్లు కాస్త వెనక్కి వాలి, వదిలేసిన తలుపు తన బరువుతోనే మూతపడుతుంది. ముందుభాగం కిందికి ఉంటే అదే బరువు తలుపును తెరిచి పెడుతుంది. గుమ్మం వాలిన ఇంట్లో తలుపు తీరే ఫ్రిజ్‌దీ. రబ్బరులో అయస్కాంతం ఉందిగా, అది లాగదా అంటారేమో. రబ్బరు దాదాపు ఆనుకున్నప్పుడే అది పట్టుకుంటుంది. వేలెడు సందు ఉంటే దానికి బలం లేదు.

స్టాండు మీదకు ఎక్కించగానే ఆ మరకాళ్లు ప్లాస్టిక్ గుంటల్లో కూరుకుపోయాయి. తిప్పడానికి వేళ్లు దూరవు. పైగా ఫ్రిజ్ నిండేకొద్దీ బరువు పెరిగి ప్లాస్టిక్ కుంగుతుంది.

మా బాబాయి ఒకప్పుడు ఫ్రిజ్ రిపేర్లు చేసేవాడు. ఆదివారం భోజనానికి వచ్చి, తలుపు ఒకసారి తీసి వదిలేశాడు. అది మూతపడలేదు సరికదా, ఇంకా వెడల్పుగా తెరుచుకుని గోడకు తగిలింది. ‘రసమట్టం ఉందా?’ అన్నాడు. కింద ఫ్లాటులో పని చేస్తున్న తాపీమేస్త్రి దగ్గర అడిగి తెచ్చాను.

ఫ్రిజ్ నెత్తిన వెనుక నుంచి ముందుకు 60 సెంటీమీటర్ల రసమట్టం పెట్టాడు. బుడగ వెనక్కి పోయింది, అంటే ముందు పల్లం. ముందు కొస కింద రూపాయి నాణేలు ఒకదానిమీద ఒకటి దూరుస్తూ పోయాడు. ఆరో నాణేనికి బుడగ మధ్యకు వచ్చింది. ఆ దొంతరను స్కేలుతో కొలిస్తే 9 మిల్లీమీటర్లు. మా వంటగది గచ్చు యుటిలిటీ వైపు వాలుగా ఉంది, కడిగిన నీళ్లు జాలీలోకి పోవడానికి మేస్త్రి అలా వేశాడు. గూడు ఆ వాలు మీదే ఉంది. ఫ్రిజ్ పుట్టినప్పటి నుంచీ ముందుకు వంగి నిలబడి ఉంది పాపం.

స్టాండు తీసి పక్కన పారేశాం. నేను ఫ్రిజ్‌ను పైభాగంలో పట్టుకుని కొద్దిగా వెనక్కి వంచాను, కాళ్ల మీద బరువు తగ్గగానే బాబాయి వాటిని తిప్పాడు. పల్లం సరిచేయడానికి 9 మిల్లీమీటర్లు, వెనక్కి వాలడానికి ఇంకో 5 లేదా 6. అంత దూరం మర బయటకు తీస్తే కాలు ఊగుతుందని, రెండు ముందు కాళ్ల కిందా ఒకే మందమున్న గ్రానైటు ముక్కలు పెట్టి, మిగిలినది మరతో సర్దాడు. చెక్క ముక్క పెట్టకండి, గచ్చు కడిగినప్పుడల్లా నాని ఉబ్బుతుంది.

తర్వాత రసమట్టం అడ్డంగా పెట్టాడు. ఎడమ నుంచి కుడికి బుడగ సరిగ్గా మధ్యలోనే ఉండాలి. ఈ దిశలో వాలు అసలు పనికిరాదు. ఫ్రిజ్‌ను మూలల దగ్గర పట్టి ఊపితే టకటకమన్నదంటే ఏదో ఒక కాలు నేలకు ఆనలేదన్నమాట. మూడు కాళ్ల మీద నిలబడిన ఫ్రిజ్‌కు పెట్టె కొద్దిగా మెలిపడుతుంది, తలుపు ఒక మూల కిందికి దిగినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసే చాలామంది కీలు వంగిందనుకుంటారు.

చివరగా ఒక పరీక్ష. తలుపును సగం తెరిచి వదిలేయాలి. మెల్లగా, తొందర లేకుండా, తనంతట తానే మూతపడాలి. దభీమని కొట్టుకుంటే ముందుభాగం ఎక్కువ లేచినట్టు. ముందు లేపినప్పుడు పైభాగం వెనక్కి వాలుతుంది, మా ఫ్రిజ్ ఎత్తుకు అది ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా ఉంది. కాబట్టి వెనుక ఎంత చోటు ఉందో లెవెల్ చేశాక మళ్లీ చూడండి.

ఇన్నీ చేసినా కింది తలుపు ఒక్కోసారి మూతపడేది కాదు. దీనికి కారణం ఆ గూడే. ఫ్రిజ్‌ను లోపలికి నెట్టేయడంతో తలుపు గూటి అంచుకు తగిలి, నేరుగా ముందుకు వచ్చేంతవరకే తెరుచుకునేది. కూరగాయల డబ్బా పూర్తిగా బయటకు రావాలంటే తలుపు అంతకన్నా వెనక్కి పోవాలి. అది పోదు కాబట్టి మా అమ్మ డబ్బాను ఏటవాలుగా లాగేది, అది తిరిగి సరిగ్గా లోపలికి వెళ్లేది కాదు. వేలెడు బయటకు ఉన్న డబ్బాకు తలుపు తగిలి ఆగిపోయేది. ఫ్రిజ్‌ను ముందుకు లాగి తలుపు మందమంతా గూటి బయట ఉండేలా పెట్టాం, ఆ బాధ తీరింది. వెనుక కూడా గాలికి దారి వచ్చింది. పక్కల స్కర్టింగ్ టైల్స్ తర్వాత మేస్త్రితో కోయించాను. మూడేసి సెంటీమీటర్లు దక్కాయి, మాన్యువల్ చెప్పినంత ఇప్పటికీ లేదు. కానీ పక్కలు ఇప్పుడు వెచ్చగానే ఉంటున్నాయి.

మరి పాలు ఎందుకు విరిగాయి? తలుపు సందులోంచి వెళ్లిన తేమ, ఫ్రీజర్ వెనుక పలక చాటున ఉన్న చల్లటి గొట్టాల మీద మంచై పేరుకుంది. అక్కడి నుంచే ఫ్యాను చల్లగాలిని కింది అరకు పంపుతుంది. మంచు దారి మూసేసింది. అందుకే పైన ఐసు, కింద వేడి. ఇది చూసి ‘గ్యాసు పోయింది’ అనే మెకానిక్‌లు ఉన్నారు, జాగ్రత్త. మేము ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్గు తీసి, రెండు తలుపులూ తెరిచి ఒక రోజంతా వదిలేశాం. కింద పరిచిన గుడ్డలు మూడుసార్లు పిండాల్సి వచ్చింది. మర్నాడు పెడితే కింది అర మామూలుగా చల్లబడింది.

రబ్బరు నిజంగా పోయిందో లేదో కూడా ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పది రూపాయల నోటును తలుపు సందులో సగం పెట్టి మూయండి, మెల్లగా లాగండి. పట్టుకున్నట్టు అనిపించాలి. ఇలా చుట్టూ చూడండి. మాకు ఒక్క పైమూలలో మాత్రం నోటు జారి వచ్చింది. ప్యాకింగ్‌లో ఆ మూల రబ్బరు మడతపడి ఉంది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాసేపు అద్ది, వేళ్లతో సాగదీసి, రాత్రంతా తలుపు మూసి ఉంచితే సర్దుకుంది. లెవెల్ చేశాక కూడా అదే చోట నోటు జారుతూ ఉంటే, అప్పుడు రబ్బరో కీలో అనుమానించి కంపెనీకి ఫోన్ చేయండి. తలుపు మూసిన వెంటనే మళ్లీ తీయబోతే బిగుసుకుపోవడం లోపం కాదు. లోపలి గాలి చల్లబడి లాగుతుంది, నిమిషంలో వదులవుతుంది.

స్టాండు వెనక్కి తీసుకోమని షాపుకు ఫోన్ చేశాను. వాడిన వస్తువు తీసుకోరట. లెవెల్ చేయకుండా ఎందుకు వెళ్లారని అడిగితే, అది డెలివరీ వాళ్ల పని కాదు, కంపెనీ డెమో మనిషి పని అన్నారు. డెమో మనిషి వచ్చాడు, నిజమే. మొబైల్లో ఫొటో తీసుకుని, అరలు ఎలా మార్చుకోవాలో చూపించి వెళ్లాడు. మీ ఇంటికి వచ్చినప్పుడు మాత్రం తలుపు సగం తెరిచి వదిలేసి అతనికే చూపించండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.