కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్, మన ఫోన్‌కొచ్చే అలర్ట్: దేన్ని నమ్మాలి?

కిరాణా కొట్టులో సాయంత్రం రద్దీ. ఒకతను 840 రూపాయల సరుకులు తీసుకుని, ఫోన్ తిప్పి పచ్చ టిక్కు చూపించాడు. కొట్టు పేరు, మొత్తం, టైము అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ కౌంటర్ మీది సౌండ్‌బాక్స్ మాట్లాడలేదు.

ఆ టిక్కు అతని ఫోన్‌లోని బొమ్మ మాత్రమే. పేరు, అంకె కొడితే అచ్చం అలాంటి స్క్రీనే చూపించే నకిలీ యాప్‌లున్నాయి. పాత పేమెంట్ స్క్రీన్‌షాట్‌లో తేదీ మార్చడం ఇంకా తేలిక. కాబట్టి బొమ్మను ఎంత పరీక్షగా చూసినా లాభం లేదు.

మనకొచ్చే అలర్ట్ వేరు. డబ్బు మన ఖాతాలో పడ్డాకే బ్యాంకు దాన్ని పంపుతుంది. అయితే ఎస్సెమ్మెస్‌కూ నకిలీ ఉంది: పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి 'క్రెడిటెడ్' అని వస్తే అది బ్యాంకుది కాదు. బ్యాంకు మెసేజ్ అక్షరాల పేరుతో వస్తుంది.

నెట్ సరిగ్గా లేకపోతే సౌండ్‌బాక్స్ ఆలస్యంగా పలుకుతుంది, ఒక్కోసారి పలకదు కూడా. అందుకే అతన్ని దొంగ అనేయకుండా మీ యాప్‌లో లావాదేవీల జాబితా తెరవండి. 840 కనిపిస్తే దాని యూటీఆర్, అంటే ప్రతి పేమెంటుకూ వేరేగా ఉండే 12 అంకెల నంబరు, అతని ఫోన్‌లోదానితో కలుస్తుందో లేదో చూడండి. ఉదయం ఇంకెవరో కట్టిన 840ని ఇతనిదనుకునే పొరపాటు అక్కడే దొరుకుతుంది.

జాబితాలో లేకపోతే, "బాబూ, ఇంకా పడలేదు, రెండు నిమిషాలు ఆగు" అనండి. సంచీ మాత్రం కౌంటర్‌కి ఇవతలే ఉంచండి.