చినుకు చెప్పే కథా, పాప చూసే కథా: జలచక్రానికి ఏది మేలు?

మా అక్క సైన్సు టీచరు. ఆరో తరగతి జలచక్రం పాఠానికి తను చేసుకున్న స్లైడ్లు నాలుగు పంపి, "వీటిని ఒకటో తరగతి పిల్లలకు చిన్న కథగా మార్చిపెట్టవే" అంది. మొదటి స్లైడులో సముద్రం, కొండ, మేఘం, వాటి మధ్య తిరిగే బాణాలు. తర్వాతి మూడింటిలో బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం, ఒక్కోదానికి రెండేసి వాక్యాల నిర్వచనం.

నాకు ముందు తట్టింది అందరికీ తట్టే కథే.

"అనగనగా సముద్రంలో చిన్ని అనే నీటిచుక్క. దానికి ఆకాశం చూడాలని ఒకటే కోరిక. ఒకరోజు సూర్యుడు 'రా చిన్నీ' అని వెచ్చగా పిలిచాడు. చిన్ని పైకి ఎగిరిపోయింది. పైన చలేసింది. స్నేహితులతో కలిసి మేఘమైంది. కొన్నాళ్ళకు బరువెక్కి, 'ఇంక ఇంటికెళ్తా' అంటూ వానై కిందికి దూకింది."

రెండోది రాయడానికి ఎక్కువ సమయం పట్టింది.

"పాప తడికాళ్ళతో ఇంట్లో నేల మీద నడిచింది. అడుగులు అచ్చుపడ్డాయి. బొమ్మ తెచ్చుకుని వచ్చేసరికి ఒక అడుగు సగమే ఉంది. ఎవరూ తుడవలేదు. నేల తాగేసిందా? నున్నటి బండ, తాగదు. మరి ఆ నీళ్ళు ఎటు పోయాయి? కంటికి కనబడనంత చిన్నవై గాల్లో కలిశాయి. కాసేపటికి పాప గ్లాసులో చల్లటి నీళ్ళు, ఐసు ముక్కలు పోసుకుంది. గ్లాసు బయట చుక్కలు పుట్టాయి. గ్లాసుకు చిల్లు లేదు. గాల్లో దాక్కున్న నీళ్ళే చల్లటి గ్లాసు తగలగానే మళ్ళీ బయటపడ్డాయి. ఆకాశంలో పైకి వెళ్ళేకొద్దీ చల్లగా ఉంటుంది. అక్కడ గ్లాసు లేదు, కానీ సన్నటి దుమ్ము రేణువులున్నాయి. నీళ్ళు వాటిని పట్టుకుని చుక్కలయ్యాయి. అదే మేఘం."

రెండూ మా అక్క కూతురికి వేర్వేరు రోజుల్లో చెప్పాను. దానికి ఆరేళ్ళు. చినుకు కథ ఒక్కసారి వినగానే మొత్తం తిరిగి చెప్పేసింది: సముద్రం, పైకి, మేఘం, వాన, మళ్ళీ సముద్రం. అంటే చక్రం దాని బుర్రలో చక్కగా తిరిగింది. ఈ విషయంలో చినుకు కథకు సాటి లేదు. ఒకే పాత్ర వెంట నడిచే కథలో పిల్లలు వరస మర్చిపోరు. బాణాల స్లైడు చెప్పాలనుకున్నదీ ఆ వరసే.

చిక్కు తర్వాతి ప్రశ్న దగ్గర వచ్చింది. "చిన్ని పైకి ఎందుకు వెళ్ళింది?" అని అడిగితే, "ఆకాశం చూడాలని, పిన్నీ" అంది. తప్పు దానిది కాదు, కథలో నేను పెట్టిన కారణమే చెప్పింది. ఈ వయసు పిల్లలు సూర్యుడికీ మేఘానికీ ఇష్టాలు ఉంటాయని సహజంగానే అనుకుంటారని పిల్లల ఆలోచనల మీద పరిశోధన చేసిన మనస్తత్వవేత్త పియాజే ఏనాడో రాశాడు. ఆ ఊహకు నా కథ ముద్ర వేసిచ్చింది. వేడి కారణం కావలసిన చోట కోరిక కారణమై కూర్చుంది.

ఇంకో లోపం కూడా ఉంది, అది పెద్దవాళ్ళకూ వెంటనే కనబడదు. నీటిచుక్క చుక్కగానే పైకి ఎగరదు. ఆవిరయ్యేటప్పుడు అది విడిపోయి, కంటికి కనబడని అణువులుగా గాల్లో చెదిరిపోతుంది. వాటిలో కొన్ని ఒక మేఘంలోకి, కొన్ని ఇంకెక్కడికో పోతాయి. అంటే చిన్ని అనే పాత్ర కథ మొదట్లోనే లేకుండా పోవాలి! అలా పోతే కథ నడవదు కాబట్టి, మనం దాన్ని బతికించుకుంటూ సైన్సును వంచుతాం.

పాప కథలో ఈ రెండు చిక్కులూ లేవు. ఇక్కడ ఎవరికైనా కోరిక ఉంటే అది పాపకే. నీళ్ళు కథ చెప్పవు, పాప చూస్తుంది, అడుగుతుంది. పైగా కథ అయ్యాక వినేవాళ్ళు కూడా తడి అడుగు వేసి చూడొచ్చు. ఫ్యాను కింద వేసిన అడుగు ముందు ఆరుతుందా, మూలన వేసినది ముందా అని పందెం కాసుకోవచ్చు. గ్లాసులో రంగునీళ్ళు పోస్తే బయట పుట్టిన చుక్కలకు రంగు ఉండదు. నీళ్ళు లోపలి నుంచి కారలేదని ఆ ఒక్క చుక్కే రుజువు.

అక్క స్లైడులో "సూర్యుని వేడికి నీరు ఆవిరిగా మారుతుంది" అని ఉంది. ఆరో తరగతికి అది చాలు. చిన్నపిల్లలు మాత్రం దాన్ని పట్టుకుని, ఎండ లేకపోతే ఏదీ ఆరదనుకుంటారు. నీళ్ళు మరిగితేనే ఆవిరవుతాయనుకునేవాళ్ళూ ఉంటారు. నీడలో పడిన అడుగు కూడా ఆరిపోయిందని పాప కథ చూపిస్తుంది. అందుకే నేను పరీక్షగా అడిగే ప్రశ్న ఒకటే: "రాత్రిపూట దండెం మీది బట్టలు ఆరతాయా?" చినుకు కథ విన్నప్పుడు మా పిల్ల "ఆరవు, సూర్యుడు పిలవడు కదా" అంది. అడుగుల కథ విన్న తర్వాత కాసేపు ఆలోచించి, "ఆరతాయి, నెమ్మదిగా" అంది.

పాప కథకూ బలహీనత ఉంది. గ్లాసు నుంచి మేఘానికి వేసే గెంతు పెద్దది. మేఘం పుట్టడం పాప చూడలేదు, నేను చెబితే నమ్మింది. వాన భాగం మరీ పలచన. గాలి బాగా పొడిగా ఉన్న రోజున గ్లాసు బయట ఒక్క చుక్కా పుట్టదు, కాబట్టి తరగతిలో చూపించేముందు టీచరు ఒకసారి చేసి చూసుకోవాలి.

అందుకని చివరికి పాప కథనే ఉంచి, మేఘం దాకా వచ్చాక మాత్రం చినుకు కథ నుంచి ఒక ముక్క అరువు తెచ్చుకున్నాను. అక్కడ ఒక చిన్ని బదులు గుంపు ఉంది. మేఘంలోని చుక్క వెడల్పు సుమారు 0.02 మిల్లీమీటర్లు, వెంట్రుక కన్నా సన్నం. మామూలు వానచినుకు వెడల్పు 2 మిల్లీమీటర్లు అనుకుంటే, దాదాపు 10 లక్షల మేఘపు చుక్కల నీరు చేరితే ఒక చినుకు. పిల్లలకు అంకె చెప్పక్కర్లేదు. "చుక్కలు ఒకదాన్నొకటి గుద్దుకుని కలిశాయి, ఇంకా కలిశాయి, ఇంకా ఇంకా కలిశాయి. మోయలేనంత బరువయ్యాక టప్!" అని నెమ్మదిగా చెబితే చాలు. ఇక్కడ ఎవరికీ ఇంటికెళ్ళాలని లేదు, బరువే కారణం.

స్లైడులోనూ ఒక మాట మార్చమని అక్కకు చెప్పాను. సాంద్రీకరణం పక్కన "మేఘం అంటే నీటి ఆవిరి" అని ఉంది. ఆవిరి కనబడదు, మేఘం కనబడుతుంది. కనబడేది చుక్కలు. మరిగే నీళ్ళ మీద తెల్లగా లేచే పొగ కూడా అంతే, ఆవిరి చల్లబడి చుక్కలైన భాగం. అక్క ఆ వాక్యం కొట్టేసి, దాని చోట మా పిల్ల తడి అడుగు ఫొటోలు రెండు పెట్టింది: ఒకటి నిండుగా, ఒకటి సగం ఆరి వేళ్ళు మాత్రమే మిగిలినది.