బడ్జెట్ రిపోర్టు షీటు కొనేముందు ఒక్క రూపాయి ఎంట్రీ వేసి చూడండి

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు జీడి యూనిట్లు, రైస్ మిల్లుల లెక్కలు చూసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ మధ్య మన వైపు ఒక ఎక్సెల్ ప్యాకేజీ అమ్ముతూ తిరుగుతున్నారు. ట్యాలీ నుంచి ట్రయల్ బ్యాలెన్స్ తీసి అందులో పేస్ట్ చేస్తే, ఏ ఖర్చు ఏ బడ్జెట్ పద్దు కిందకి పోవాలో అదే సర్దేసి, నెలనెలా బడ్జెట్‌కీ అసలు ఖర్చుకీ తేడా చూపిస్తుందని చెబుతారు. మా జీడి యూనిట్‌లో తీసుకున్నాం. అమ్మినవాళ్ల పేరు రాయను, ఎందుకంటే ఇదే లోపంతో ఇంకెవరైనా అమ్మొచ్చు. లోపం ఎక్కడుందో తెలిస్తే మీరే పట్టుకోవచ్చు.

మా లెడ్జర్లకి నాలుగంకెల కోడ్లున్నాయి. ట్యాలీలో లెడ్జరు పేరు కింద ఉండే అలియాస్ గడిలో వాటిని రాసుకుంటాం. ప్యాకేజీలో `Map` అనే షీటు ఉంటుంది, అందులో ఒక్కో కోడ్ ఎదురుగా ఒక్కో బడ్జెట్ పద్దు. ముడి పిక్కలు, పిక్కలు కొట్టే కూలి, బాయిలరు ఇంధనం, కరెంటు, రవాణా, ప్యాకింగ్ డబ్బాలు, రిపేర్లు, ఆఫీసు ఖర్చులు, అంతే. మొదటి రెండు నెలలూ రిపోర్టు చక్కగా వచ్చింది.

మే నెలలో రవాణా ఖర్చుని రెండుగా విడగొట్టాం. రవాణా ఏజెన్సీ తన వైపు నుంచి జీఎస్టీ వేయకపోతే రివర్స్ ఛార్జి కింద ఆ పన్ను మనమే కట్టాలి కదా, అలాంటి కిరాయి విడిగా కనబడాలని 5215 కోడ్‌తో కొత్త లెడ్జరు తెరిచాం. పాత 5210లో ఊళ్లో ఆటోలు, చిన్న వ్యాన్ల కిరాయి మాత్రమే మిగిలింది. ఆ నెల రిపోర్టులో రవాణా బడ్జెట్ 1,20,000 ఎదురుగా ఖర్చు 38,000 అని వచ్చింది. మా ఓనరు గారు చూసి "రవాణాలో బాగా మిగిలిందే" అని పలాసకి ఇంకో లోడు పంపమన్నారు. నిజానికి ఆ నెల 5215లో 96,500 ఉంది. రెండూ కలిపితే 1,34,500, అంటే బడ్జెట్ 14,500 దాటిపోయింది. మిగులు అనుకున్నది లోటన్నమాట.

ఆ 96,500 ఏమైందో ఫార్ములా చూస్తే తెలిసింది:

```
=IFERROR(VLOOKUP(A2,Map!A:C,3,0),0)
```

కోడ్ `Map`లో దొరికితే మూడో గడిలోని పద్దు పేరు తెస్తుంది. దొరకకపోతే `#N/A` అని ఎర్రజెండా చూపాల్సింది పోయి, `IFERROR` దాన్ని సున్నాగా మార్చేస్తుంది. సున్నా అనే పద్దు ఏదీ లేదు కాబట్టి ఆ ఖర్చు ఏ పద్దులోనూ పడదు. రిపోర్టు అందంగానే ఉంటుంది, ఒక్క తప్పూ కనబడదు. అమ్మేవాళ్లకి కావలసింది కూడా అదే, డెమోలో తప్పు కనబడకూడదు.

ఫోన్ చేశాం. `Map` షీటుకి పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంది, మార్పు చేయించిన ప్రతిసారీ డబ్బులు. ఈ సంగతి అమ్మేటప్పుడు చెప్పలేదు. డబ్బు కట్టాక 5215ని చేర్చారు. మళ్లీ రిపోర్టు తీస్తే రవాణా అదే 38,000! కారణం వింతగా ఉంటుంది. పాత కోడ్లన్నీ ట్యాలీ ఎగుమతి నుంచి కాపీ చేసినవి, ఎక్సెల్ వాటిని అక్షరాలుగా లెక్కేస్తుంది. 5215ని మాత్రం చేత్తో కొట్టారు, అది అంకె. కంటికి రెండూ ఒకటే, `VLOOKUP`కి కావు. గుర్తుపట్టడం తేలికే. పాత కోడ్లు గడిలో ఎడమకి జరిగి, మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణంతో ఉన్నాయి. 5215 ఒక్కటే కుడివైపు ఉంది. అంకెని తర్వాత టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చినా సరిపోదు, ఫార్మాట్ మార్చాక కోడ్‌ని మళ్లీ కొట్టాలి.

మూడోసారి గట్టిగా అడిగితే వాళ్లిచ్చిన మందు రోగం కంటే చెడ్డది. సున్నా ఉన్నచోట "ఇతర ఖర్చులు" అని పెట్టేశారు. ఇప్పుడు మొత్తం సరిపోతుంది, కానీ లారీ కిరాయి ఇతర ఖర్చుల్లో దాక్కుంటుంది. కొత్త లెడ్జరు ఏది తెరిచినా పోయి అందులోనే పడుతుంది. అక్కడ కూలి ఖర్చుకే ఒడియా గుమాస్తా `Majuri` అని తెరిచినా, మనవాడు `Kooli` అని తెరిచినా ఎవరూ అడగరు. ఆ ఫార్ములాని నేనైతే ఇలా రాస్తాను:

```
=IFERROR(VLOOKUP(A2&"",Map!A:C,3,0),"UNMAPPED")
```

`A2&""` అంటే ట్రయల్ బ్యాలెన్స్ వైపు కోడ్‌ని ఎప్పుడూ అక్షరాలుగానే తీసుకోమని. `Map`లో కూడా కోడ్లన్నీ టెక్స్ట్‌గానే ఉండాలి. రిపోర్టు అడుగున `UNMAPPED` అనే వరస ఒకటి ఉంచి, అది సున్నా అయితే తప్ప రిపోర్టు ఓనరు చేతికి వెళ్లకూడదు.

దానితోపాటు ఒక సరిచూపు తప్పనిసరి. బడ్జెట్ రిపోర్టులో పద్దుల మొత్తం, ట్రయల్ బ్యాలెన్స్‌లో ఆ నెల ఖర్చు లెడ్జర్ల మొత్తం సమానంగా ఉండాలి. మాకు మేలో ట్రయల్ బ్యాలెన్స్ ప్రకారం 18,42,300, రిపోర్టులో 17,45,800. తేడా 96,500. తేడా అంకె సాధారణంగా ఏదో ఒక లెడ్జరు నిల్వతో అచ్చంగా సరిపోతుంది, ట్రయల్ బ్యాలెన్స్‌లో ఆ అంకెని వెతికితే దొంగ దొరుకుతాడు. రెండు మూడు లెడ్జర్లు తప్పిపోయుంటే ఇంత సులువుగా దొరకదు, అప్పుడు `UNMAPPED` వరసే దిక్కు. అయితే మొత్తం సరిపోయినంత మాత్రాన లెక్క సరైనట్టు కాదు. రిపేర్ల కోడ్‌ని ప్యాకింగ్ పద్దుకి కట్టినా మొత్తం సరిపోతుంది. అందుకే కొత్త లెడ్జరు తెరిచిన రోజే దాని పద్దు కూడా రాసే పని ఒకే మనిషికి అప్పగించండి.

ఇంకొకటి కూడా అడిగి చూసుకోండి. సెప్టెంబరులో ఒక కోడ్‌ని వేరే పద్దుకి మారిస్తే ఏప్రిల్ రిపోర్టు కూడా మారిపోతుందా? మా ప్యాకేజీలో మారిపోతుంది. బ్యాంకుకి ఇచ్చిన కాగితంలో ఒక అంకె, ఈరోజు తీస్తే ఇంకో అంకె. `Map`లో "ఎప్పటి నుంచి" అనే తేదీ గడి ఉండాలి, ఫార్ములా దాన్ని చూడాలి. అది లేకపోతే నెల ముగియగానే రిపోర్టుని విలువలుగా పేస్ట్ చేసి దాచుకోవడం తప్ప దారి లేదు.

కొనేముందు వాళ్ల ఎదుటే ఇలా చేయించండి. మీ ట్యాలీ డేటా కాపీలో (అసలు డేటాలో కాదు) 5999 అని ఒక కొత్త ఖర్చు లెడ్జరు తెరిచి, ఒక్క రూపాయి ఎంట్రీ వేసి, రిపోర్టు తీయమనండి. ఆ రూపాయి ఎక్కడికీ చెందలేదని రిపోర్టు దానంతట అదే చెప్పాలి. సున్నాలో కలిసిపోయినా, ఇతర ఖర్చుల్లో పడినా, "అది మేం తర్వాత సెట్ చేస్తాం సార్" అన్నా డబ్బు ఇవ్వకండి. `Map` షీటు పాస్‌వర్డ్ మీ చేతికి ఇస్తారో లేదో కాగితం మీద రాయించుకోండి. మా దగ్గర తీసుకున్న డబ్బు ఇంకా వెనక్కి రాలేదు, పైగా వచ్చే ఏడాది రెన్యూవల్ కోసం ఫోన్లు మొదలయ్యాయి.