టోట్ బ్యాగ్ కిట్ కొంటున్నారా? అందులోని బక్రం, పట్టీలు చూశాకే కుట్టండి

అన్నీ కత్తిరించి, లైనింగ్‌తో సహా ప్యాక్ చేసి అమ్మే టోట్ బ్యాగ్ కిట్లు కొనేవాళ్లకు ఇది హెచ్చరిక. అలాంటి ఒక కిట్‌తో, లోపల వచ్చిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు కుట్టిన సంచి, ఆరు కిలోల సామాను వేసి భుజానికి తగిలించగానే పట్టీ దగ్గర చిరిగిపోయింది. కుట్టు వంకరగా లేదు, దారం తెగలేదు. పైకి చూస్తే చక్కగానే ఉన్న సంచి అది. లోపం కిట్‌లోని వస్తువుల్లో ఉంది, పట్టీ ఎక్కడ కుట్టాలో చెప్పిన పద్ధతిలోనూ ఉంది.

చిరిగిన చోటును దగ్గరగా చూస్తే సంగతి బయటపడుతుంది. దారం కుట్లు పట్టీకే అంటుకుని ఉన్నాయి. గుడ్డ మాత్రం సూది రంధ్రాల వెంట, పోస్టల్ స్టాంపు చింపినట్టు, వరసగా విడిపోయింది. దాని వెనుక గట్టిదనం కోసం అతికించిన బక్రం కూడా అదే గీతలో చీలి, చీలిన చోట దూదిలా నూగు లేచింది. ఈ గుర్తులు ఎవరికైనా పనికొస్తాయి. దారం తెగితే దారం బలహీనం, లేదా టెన్షన్ తప్పు. పట్టీ కొస పోగులు వదిలి కుట్టులోంచి జారి వస్తే లోపలికి పెట్టిన కొస చాలలేదు. గుడ్డ రంధ్రాల వెంట చిరిగితే వెనుక ఆధారం లేదని అర్థం.

ఈ కిట్‌లో ఇచ్చింది నేసిన బక్రం కాదు. పోగులు లేకుండా నూగును నొక్కి కాగితంలా చేసిన రకం. ఒక పక్క జిగురు చుక్కలు ఉంటాయి, ఇస్త్రీ పెడితే అతుక్కుంటుంది. చేత్తో పట్టుకుంటే గట్టిగా, బరువైనదిలా అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. గట్టితనం వేరు, బలం వేరు. ఈ రకం సంచిని నిలబెడుతుంది, ముడతలు పడనివ్వదు. బరువు మోయడం దాని పని కాదు. కొనే ముందు ముక్క చేతికి దొరికితే అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు పక్కలా పట్టుకుని లాగండి. కాగితంలా సర్రున చిరిగితే అది ఆకారానికి మాత్రమే. అంచున నిలువు, అడ్డం పోగులు కనబడుతూ, గాటు దగ్గర బాగా బలం పెడితే గానీ చిరగకపోతే నేసిన రకం. ప్యాకెట్ మీద 'హెవీ' అని రాసి ఉన్నా ఈ పరీక్ష చేయాల్సిందే, ఆ మాట మందానికి రాసేదే గానీ బలానికి కాదు.

అలాగని కిట్ మొత్తం పారేయక్కర్లేదు. ఆ బక్రాన్ని సంచి ఒంటికి వాడండి. అతికించే ముందు పై గుడ్డను ఒకసారి తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేయండి. లేకపోతే మొదటి ఉతుకులో గుడ్డ కుదించుకుపోయి, బక్రం కుదించుకోక, మధ్యలో బుడగలు లేస్తాయి. ముందు పది సెంటీమీటర్ల ముక్క మీద ప్రయత్నించండి. తడి గుడ్డ పైన వేసి, ఇస్త్రీ పెట్టెను రుద్దకుండా ఒక్కోచోట పది నుంచి పదిహేను సెకన్లు అదిమి, ఎత్తి పక్కకు పెట్టుకుంటూ వెళ్లండి. పూర్తిగా చల్లారాక మూల పట్టి పీకి చూడండి. శుభ్రంగా ఊడి వస్తే జిగురు కరగలేదు, వేడి గానీ సమయం గానీ పెంచాలి. గుడ్డ మీద నూగు వదిలి బక్రమే చీలితే జిగురు బాగా పట్టినట్టే.

ఇక పట్టీల సంగతి. కిట్‌తో వచ్చిన కాగితం పట్టీ కొసను పై గుడ్డకు, లైనింగ్‌కు మధ్య ఒక్క సెంటీమీటరు లోపలికి దూర్చి, మూతి కుట్టుతో పాటే కుట్టేయమంటుంది. తొందరగా అయిపోతుంది, చూడ్డానికీ బాగుంటుంది. పుస్తకమో, చెప్పుల జతో వేసుకునే సంచికైతే సరిపోతుంది. బరువుకు మాత్రం పనికిరాదు. ఆరు కిలోల సంచిని ఒకే పట్టీతో పట్టుకుంటే ఒక్కో కొసకు మూడు కిలోలు. భుజం మీద రెండు పట్టీలు వేసుకున్నా అవి సమంగా ఉండవు, బిగుతుగా ఉన్నదే ఎక్కువ మోస్తుంది. మెట్లు దిగేటప్పుడు పడే కుదుపుకు ఆ మూడు కాస్తా సులువుగా రెట్టింపవుతుంది. అదంతా మూడు సెంటీమీటర్ల వెడల్పున్న ఒక్క కుట్టు వరస మీద పడుతుంది.

దీనికి బదులు ఇలా చేయండి. లైనింగ్ కలపక ముందే పట్టీని పై గుడ్డ ముఖం మీద కుట్టాలి. పట్టీ మూతి కన్నా ఏడు సెంటీమీటర్లు కిందికి రావాలి, కొస ఒకటిన్నర సెంటీమీటరు లోపలికి మడవాలి. సరిగ్గా ఆ చోట, గుడ్డ వెనుక వైపు, ఎనిమిది సెంటీమీటర్ల చదరపు మందపాటి క్యాన్వాస్ ముక్క పెట్టండి. దాని మూలలు గుండ్రంగా కత్తిరించండి, పదునైన మూల దగ్గరే మళ్లీ చిరుగు మొదలవుతుంది. పాత జీన్స్ గుడ్డ కూడా ఈ పనికి బాగుంటుంది. బలమిచ్చేది ఈ ముక్కే.

ఇప్పుడు పెట్టె కుట్టు. పట్టీ వెడల్పుకు రెండు పక్కలా రెండు మిల్లీమీటర్లు వదిలి, నాలుగు సెంటీమీటర్ల ఎత్తున దీర్ఘచతురస్రాకారంగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు గుణకారం గుర్తు వేయండి. పెట్టె పై గీత, గుడ్డ కత్తిరించిన అంచుకు రెండున్నర సెంటీమీటర్ల కింద ఉంటే, తరువాత లైనింగ్‌తో మూతి కలిపేటప్పుడు పట్టీని కిందికి మడిచి పిన్ను పెట్టుకోవచ్చు, కుట్టులో చిక్కదు. సూది పదహారో నంబరు, దారం పాలిస్టర్, కుట్టు పొడవు మూడు నుంచి మూడున్నర మిల్లీమీటర్లు. బలం కోసమని చాలామంది కుట్టు చిన్నది పెడతారు. దయచేసి అది చేయకండి. చిన్న కుట్టంటే దగ్గర దగ్గరగా రంధ్రాలు, అంటే మనమే చిరుగుకు దారి గీసిచ్చినట్టు. ఇంకా బలం కావాలంటే రెండో చుట్టు రెండు మిల్లీమీటర్లు లోపలగా వేయండి.

పట్టీ ఏ పోగుతో చేసిందో కూడా చూసుకోవాలి. కిట్‌లో 'కాటన్' అని రాసి పంపింది ప్లాస్టిక్ పోగుల పట్టీ. కొస నుంచి ఒక పోగు లాగి, చిమటాతో పట్టుకుని, నీళ్ల గిన్నె మీద వెలిగించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది. ప్లాస్టిక్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. ప్లాస్టిక్ పట్టీ బలహీనమని కాదు, దాని కొస పోగులు ఇట్టే ఊడతాయి. కాబట్టి మడిచే ముందు మంటకు చూపించి కొసను కరిగించి మూసేయాలి, ఇస్త్రీ మాత్రం దాని మీద పెట్టకూడదు. నూలు పట్టీ అయితే కొసకు జిగ్‌జాగ్ చాలు.

సంచి పూర్తయ్యాక వాడకం మొదలుపెట్టే ముందు, మోయాలనుకున్న బరువుకు రెట్టింపు, లీటరు నీళ్ల సీసాలతో నింపండి. సీసా ఒకటి కిలో. ఒక్క పట్టీనే గట్టి కొక్కేనికి తగిలించి రాత్రంతా వదిలేయండి, తర్వాత రెండో పట్టీకీ అంతే. పొద్దున పెట్టె పై గీతను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రంధ్రాలు గుండ్రంగానే ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. నిలువుగా సాగి సన్నని చీలికల్లా కనబడితే ఆ కొస కుట్టు విప్పి, సంచిని తిప్పడానికి లైనింగ్‌లో వదిలిన సందులోంచి చేయి పెట్టి, వెనుక ఇంకాస్త పెద్ద క్యాన్వాస్ ముక్క వేసి మళ్లీ కుట్టండి. అందుకే ఈ పరీక్ష అయ్యేవరకు ఆ సందు మూయకండి, కచ్చా కుట్టుతో పట్టి ఉంచితే చాలు.