కుక్కర్ కేకు: నాలుగేళ్లు చేశాక తెలిసినవి

పర్లాకిమిడిలో మా ఇంట్లో ఓవెన్ లేదు. నాలుగేళ్లుగా పిల్లల పుట్టినరోజు కేకులన్నీ 5 లీటర్ల అల్యూమినియం కుక్కర్లోనే చేస్తున్నాను. మధ్యలో కొన్నాళ్లు మందపాటి ఇనుప మూకుడు కూడా వాడాను. మంట సంగతి తెలిస్తే రెండింట్లోనూ మెత్తటి కేకు వస్తుంది.

మొదటి రెండు కేకులు పెద్ద బర్నర్ మీద, మీడియం మంటలో పెట్టాను. నడుమ గుట్టలా లేచి పగిలింది, అడుగు నల్లబడింది, గుచ్చిన పుల్లకి మాత్రం పచ్చిపిండి అంటుకుంది. మంట ఎక్కువైతే ఇలాగే అవుతుంది. అంచులు ముందే గట్టిపడిపోయి, లోపలి పిండి నడుమ నుంచి తన్నుకొస్తుంది.

ఇప్పుడు మొదటి నుంచీ చిన్న బర్నరే వాడుతున్నాను. కుక్కర్ అడుగున అంగుళం మందాన ఉప్పు పరిచి, పైన చిన్న స్టాండ్ పెడతాను. మూత రబ్బరు, విజిల్ తీసేస్తాను, నీళ్లు చుక్క కూడా పోయను. 10 నిమిషాలు మీడియంలో ఖాళీగా వేడెక్కాక కేకు గిన్నె లోపల పెట్టి మంట సిమ్‌కి తగ్గించేస్తాను. ఒక కప్పు మైదా కేకు, 6 అంగుళాల గిన్నెలో సగం వరకు పిండి ఉంటే, 40 నిమిషాలు పడుతుంది. 30 నిమిషాల లోపు మూత తీయను. ఒకసారి ఆత్రం కొద్దీ 20కే తీస్తే పొంగిన కేకు నడుమ గుంటపడింది. 35 దాటేసరికి విజిల్ కన్నంలోంచి కమ్మటి వాసన వస్తుంది. అంచులు గిన్నెను వదిలి, పుల్ల పొడిగా వస్తే అయినట్టే. వేడి ఎక్కువగా కింది నుంచే తగులుతుంది కాబట్టి పైభాగం తెల్లగానే ఉంటుంది. రంగు కోసం ఇంకా ఉంచితే అడుగు మాడుతుంది.

మూకుడు వేడిని బాగా నిలుపుకుంటుంది, కానీ నా దగ్గరున్న మూత సరిగ్గా కూర్చోదు. అందుకే 50 నిమిషాలు పట్టేది. మూతకు పట్టిన ఆవిరి చుక్కలు కేకు మీద పడి గుంటలు కూడా పడేవి. పక్కింటి ఒడియా పిన్నిగారు అలాంటి మూకుడులోనే విరిగిన పాల ముద్దతో ఛెనాపోడా అనే స్వీటు చేస్తారు. పోడా అంటేనే కాలినదని అర్థం, మాడిన అడుగే దానికి రుచి. కేకుకి అది పనికిరాదు. నా ఓటు కుక్కర్‌కే.

ఒక్క నష్టం చెప్పి తీరాలి. రెండో ఏడు అదే కుక్కర్లో పప్పు పెడితే సేఫ్టీ వాల్వ్ లోంచి ఆవిరి బుస్సుమంటూ పోయింది. వేడి మితిమీరితే కరిగేలా అందులో ఒక లోహపు బిళ్ల ఉంటుంది. నీళ్లు లేకుండా మాటిమాటికీ కాచడంతో అది కరిగిపోయింది. అప్పటి నుంచి ఆ కుక్కర్‌ని కేకులకే ఉంచి, పప్పుకి వేరేది కొనుక్కున్నాను.