గోడ చెమ్మకు కెమికల్ డీపీసీ: నాలుగేళ్లు వాడాక నా మాట

భీమవరంలో మా ఇల్లు నాన్నగారు 1984లో కట్టించారు. నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా ఆపే డీపీసీ పట్టీని బేస్‌మెంట్ మీద వేయకుండానే గోడ లేపేశారు. తవ్వితే కొద్ది లోతులోనే నీళ్లు పడే ఊరు మాది. హాలు గోడకు మూడడుగుల ఎత్తున గోధుమరంగు చార, దాని కింద ఉబ్బిన పెయింటు, గోటితో గీస్తే పిండిలా రాలే తెల్లటి ఉప్పు. పైపు లీకైతే ఒకచోటే మచ్చ పడుతుంది. ఇది గోడ పొడవునా ఒకే ఎత్తులో ఉంది, అంటే నేలలోంచి ఎక్కుతున్న చెమ్మే.

మొదట ఒక కాంట్రాక్టరు మాట విని వాటర్‌ప్రూఫ్ కోటింగు వేయించాం. ఏడాదిలో చార నాలుగున్నర అడుగులకు ఎక్కింది! ఇటుకలోంచి పైకి పాకే నీరు గోడ మీంచి ఆరిపోవాలి. ఆ దారి మూసేస్తే ఇంకా పైకి పోతుంది. తర్వాత వచ్చిన తాపీ మేస్త్రీ ఒకటే అన్నాడు: "పైన పూత పూస్తే ఏం లాభమండీ? కింద దారి కట్టెయ్యాలి."

2021 ఫిబ్రవరిలో ఆ పని చేయించాం. గోడ కింది భాగంలో వరసగా రంధ్రాలు వేసి, నీటిని ఆపే క్రీము ఎక్కించడమే ఈ కెమికల్ డీపీసీ. ముందు బయట దొడ్డి మట్టి తీయించాం. రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా మట్టి పోసుకుంటూ వచ్చాం, అది గది నేలకన్నా పైకి వచ్చేసింది. దాన్ని అలాగే ఉంచితే క్రీము ఎక్కించే గీత మట్టిలో మునిగి, చెమ్మ దాన్ని దాటి పైనుంచి దూరేది.

గది నేలకు ఆరంగుళాల పైన, ఇటుకల మధ్య సిమెంటు వరసలో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, నాలుగంగుళాలకొకటి చొప్పున వేశారు. తొమ్మిదంగుళాల గోడకు ఏడున్నర అంగుళాల లోతు. పదహారడుగుల గోడకు 48 రంధ్రాలు, సుమారు లీటరు సైలేన్ క్రీము పట్టింది. వెన్నలా ఉండే ఈ క్రీము ఇటుకలోని సన్నటి దారులను పూడ్చదు, వాటికి నీరు అంటకుండా చేస్తుంది. రంధ్రం అడుగుదాకా గొట్టం పెట్టి, వెనక్కి లాగుతూ నింపాలి. మధ్యలో గాలి మిగిలితే అక్కడ పట్టీ తెగినట్టే. ఇది నేను దగ్గరుండి చూసుకున్నాను.

క్రీము ఎక్కించగానే గోడ ఆరిపోదు. అంగుళానికి నెల లెక్కన మాకు తొమ్మిది నెలలు పట్టింది. అన్నాళ్లూ ప్లాస్టరింగు చెక్కేసిన గోడతోనే హాల్లో కాపురం చేశాం. అమ్మకు అదే పెద్ద టెన్షన్. తర్వాత చార కన్నా అడుగు పైదాకా కొత్త ప్లాస్టరింగు చేయించి, పుట్టీ లేకుండా సున్నం వేయించాం.

నాలుగు వర్షాకాలాలు దాటాయి. చార మళ్లీ రాలేదు. ఒక్క బీరువా వెనక మూల మాత్రం ఆగస్టులో తడిగా కనిపిస్తుంది. బీరువా జరపడం కష్టమని అక్కడ పాత ప్లాస్టరింగు చెక్కించలేదు. అందులో మిగిలిన ఉప్పు గాల్లో తేమను పీల్చుకుంటుంది. క్రీము కింది నీటిని ఆపుతుందే గానీ, పైన చేరిన ఉప్పును ఏమీ చేయలేదు. ఈ వేసవిలో ఆ మూల కూడా చెక్కిస్తున్నాం.