లైటుకూ ఫ్యానుకూ పనికొస్తుందని అమ్మే ట్రయాక్ డిమ్మర్: కొనబోయేవారికి హెచ్చరిక

ఫోను నుంచి సీలింగ్ ఫ్యాను వేగం మార్చుకునేలా ఇంట్లోనే చిన్న కంట్రోలర్ తయారుచేసుకుంటున్న మిత్రులు, ఆన్‌లైన్‌లో దొరికే ట్రయాక్ డిమ్మర్ మాడ్యూల్ కొనేముందు దయచేసి ఇది చదవండి. నేను కొన్నదాని అమ్మకం పేజీలో "లైటు, ఫ్యాను రెండింటికీ, 4 ఆంపియర్లు" అని రాసి ఉంది. మా పడకగది ఫ్యాను 75 వాట్లది, పూర్తి వేగంలో అది తీసుకునే కరెంటు ఆంపియరులో మూడో వంతు మాత్రమే. కాబట్టి ఈ మాడ్యూలుకు అదేమంత బరువు కాదని నమ్మి బిగించాను. పన్నెండో రోజున ఫ్యాను వైండింగ్ షాపుకు చేరింది.

మొదటి రాత్రే వేగం తగ్గించగానే ఫ్యాను నుంచి సన్నని గుంయ్‌మనే మోత వచ్చింది. పాత రెగ్యులేటర్ మీద ఎన్నడూ వినని ఆ శబ్దాన్ని నేను పట్టించుకోలేదు. నాలుగైదు రోజుల తర్వాత, తక్కువ వేగంలో తిరుగుతున్న ఫ్యాను అర్ధరాత్రి ఉన్నట్టుండి పూర్తి వేగం అందుకుని, కొన్ని క్షణాలకు మళ్లీ నెమ్మదించింది. చివరి రోజుల్లో రెండు గంటలు తిరిగితే చాలు, మోటారు డొప్ప మీద చెయ్యి ఆనించలేనంత వేడెక్కేది. వార్నిష్ మాడిన వాసన వచ్చాకే విప్పాను. లోపల రన్నింగ్ కాయిల్ నల్లగా కమిలిపోయింది.

ట్రయాక్ డిమ్మర్ ప్రతి అర్ధ తరంగంలోనూ కొంత భాగాన్ని ఆపి మిగిలినదాన్ని లోడుకు పంపుతుంది. మామూలు ఫిలమెంట్ బల్బుకు దీంతో ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే అక్కడ వోల్టేజీతో పాటే కరెంటు కూడా లేస్తుంది, పడుతుంది. ఫ్యాను కాయిల్‌లో మాత్రం కరెంటు నెమ్మదిగా లేస్తుంది. ట్రయాక్ ఒకసారి వెలిగాక, గేటు పల్సు ఆగిపోయేలోగా కరెంటు ఒక కనీస స్థాయికి చేరితేనే అది వెలిగి ఉంటుంది, లేకపోతే వెంటనే ఆరిపోతుంది. బల్బులను దృష్టిలో ఉంచుకుని రాసిన ప్రోగ్రాములు చాలావరకు కొన్ని మైక్రోసెకన్ల పల్సు మాత్రమే ఇస్తాయి. ఆ కనీస స్థాయి ట్రయాక్ రెండు దిశల్లోనూ ఒకేలా ఉండదు. అందువల్ల పాజిటివ్ అర్ధ తరంగంలో నిలబడిన ట్రయాక్ నెగటివ్ అర్ధంలో అప్పుడప్పుడు తప్పిపోతుంది, అలా తప్పినప్పుడల్లా ఫ్యానుకు ఏసీతో పాటు కొంత డీసీ కూడా వెళుతుంది.

ఈ సంగతి నాకు తెలిసింది వైండింగ్ షాపులోనే. కొత్తగా చుట్టిన ఫ్యానును స్టాండుకు వేలాడదీసి, నా మాడ్యూలును రెండు నిమిషాలు మాత్రం కలిపి చూశాము. మోత వినగానే ఆ పెద్దాయన, "బాబూ, ఇది బేరింగు మోత కాదు, కాయిల్‌లోకి డీసీ ఎక్కుతోంది" అన్నారు. సప్లై ఆపి, మల్టీమీటరును పెద్ద డీసీ రేంజిలో పెట్టి, తీగలను ఫ్యాను టెర్మినళ్లకు క్లిప్పులతో బిగించి, చేతులు తీసేశాకే మళ్లీ సప్లై ఇచ్చాము. మీటరు 24 వోల్టుల దగ్గర ఊగింది. రన్నింగ్ కాయిల్ నిరోధం 180 ఓమ్‌లు, అంటే సుమారు 0.13 ఆంపియర్ల డీసీ. స్టార్టింగ్ కాయిల్‌కు వరుసలో కండెన్సర్ ఉంటుంది కనుక అందులోకి డీసీ పోదు, భారమంతా రన్నింగ్ కాయిల్ మీదే పడుతుంది. ఆ డీసీ వల్ల నేరుగా పుట్టే వేడి మూడు వాట్లే అయినా, అది ఇనుప కోరును ఒక వైపుకు అయస్కాంతీకరించి నింపేస్తుంది, అప్పుడు కాయిల్ లాగే ఏసీ కరెంటు కూడా పెరుగుతుంది. మోతకూ వేడికీ అసలు మూలం అదే.

అర్ధరాత్రి వేగం పెరగడానికి కారణం వేరు. కరెంటు సున్నాకు వచ్చి ట్రయాక్ ఆరే సమయానికి, మోటారు లోడులో వోల్టేజీ సున్నా దగ్గర ఉండదు. అది ఒక్కసారిగా ట్రయాక్ మీదికి ఎగబాకుతుంది, ఆ కుదుపుకే గేటు పల్సు లేకుండా ట్రయాక్ మళ్లీ వెలుగుతుంది. దీన్ని ఆపడానికి ట్రయాక్‌కు అడ్డంగా 100 ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు వరుసగా కలిపిన స్నబ్బర్ పెడతారు. నా మాడ్యూలులో దానికి గుర్తులు ముద్రించి, భాగాలు మాత్రం అతకకుండా వదిలేశారు. స్నబ్బర్ ఉన్న మాడ్యూలైనా ఒక జాగ్రత్త తప్పదు: ట్రయాక్ ఆగి ఉన్నా ఆ కండెన్సరు గుండా సుమారు 7 మిల్లీఆంపియర్లు పోతూనే ఉంటాయి, కాబట్టి ఫ్యాను తీగలు ముట్టుకునే ముందు మెయిన్ ఆపాల్సిందే.

తర్వాత నేను రిలేల పద్ధతికి మారాను. మన గోడల మీది క్లిక్ రెగ్యులేటర్లలో ఉన్నది ఇదే: ఫ్యానుకు వరుసలో కండెన్సరు పెట్టి వోల్టేజీ తగ్గించడం. ఏ కండెన్సరు కలవాలో ఇక్కడ రిలేలు మారుస్తాయి. 2.2 మైక్రోఫారడ్ ఒక్కటే ఉంటే అతి తక్కువ వేగం, 3.3 ఒక్కటే ఉంటే దాని పై మెట్టు, రెండూ పక్కపక్కన కలిస్తే మూడో మెట్టు, నేరుగా ఇస్తే పూర్తి వేగం. తరంగం కోతకు గురికాదు కనుక మోత లేదు, కండెన్సరు దారిలో ఉండగా డీసీ వెళ్లే మార్గమూ లేదు. కావలసిన వేగం నాలుగు మెట్లలోనే దొరకడం ఒక్కటే దీని పరిమితి.

అయితే ఇక్కడ కూడా నేను కొన్న మొదటి బోర్డు మూడో రోజుకే మొండికేసింది. అతి తక్కువ వేగానికి దించమన్నా ఫ్యాను మూడో మెట్టు దిగేది కాదు. విప్పి చూస్తే ఒక రిలే కాంటాక్టులు అతుక్కుపోయి ఉన్నాయి. 2.2 కండెన్సరు మీద ఆ క్షణంలో 200 వోల్టులు ఉండగా, ఖాళీగా ఉన్న 3.3ను దాని పక్కన కలిపితే, మొదటిదాని చార్జి ఒక్క ఉదుటున రెండోదానిలోకి దూకుతుంది. అడ్డుగా తీగ తప్ప ఏమీ లేకపోతే ఆ కరెంటు వందల ఆంపియర్లకు చేరగలదు, 10 ఆంపియర్ల రిలేకు వెల్డింగు కావడానికి మైక్రోసెకన్లు చాలు. ఒక్కో కండెన్సరుకు వరుసలో 2.2 ఓమ్‌ల రెసిస్టరు పెడితే అదే దూకుడు 45 ఆంపియర్లకు తగ్గుతుంది, అదీ కొన్ని మైక్రోసెకన్లే ఉంటుంది. దీనితో పాటు ప్రతి కండెన్సరుకూ అడ్డంగా 220 కిలో ఓమ్‌ల అర వాటు రెసిస్టరు కలిపాను, అందువల్ల విడిపోయిన కండెన్సరు మూడు నాలుగు సెకన్లలో ఖాళీ అవుతుంది. ప్రోగ్రాములో మెట్టు మార్చేటప్పుడు ముందు అన్ని రిలేలనూ తెరిచి, అంతసేపు ఆగాకే కొత్తది మూస్తున్నాను. ఆగి ఉన్న ఫ్యానును ఎప్పుడూ పూర్తి వేగంతోనే లేపి, కొన్ని సెకన్ల తర్వాత కావలసిన మెట్టుకు దింపుతున్నాను, ఎందుకంటే తక్కువ వోల్టేజీ మీద కదలక నిలిచిన ఫ్యాను కాయిల్ కూడా వేడెక్కుతుంది. ఈ ఏర్పాటు మీద ఫ్యాను మూడు నెలలుగా నిశ్శబ్దంగా తిరుగుతోంది.

పాత గోడ రెగ్యులేటరును లైనులోంచి పూర్తిగా తీసేయండి, ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఉండకూడదు. మీది బీఎల్‌డీసీ ఫ్యాను అయితే ఈ రెండు పద్ధతులూ వద్దు, దాని లోపలే వేరే ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, వేగం సాధారణంగా దాని రిమోటుతోనే మార్చాలి.

అమ్మినవారికి ఫోటోలతో రాశాను. బల్బుతో పరీక్షించి మాడ్యూల్ బాగానే ఉందని తేల్చి, వాపసు నిరాకరించారు. కాబట్టి మీరు డబ్బు కట్టేముందే బోర్డు ఫోటోను పెద్దది చేసి చూడండి. డిమ్మరైతే ట్రయాక్ పక్కన చదునైన పెట్టెలాంటి కండెన్సరు, దానితో ఒక రెసిస్టరు అతికి ఉన్నాయా, రిలే బోర్డైతే ప్రతి పెద్ద కండెన్సరు కాలికీ ఒక చిన్న రెసిస్టరు వరుసలో ఉందా అని వెతకండి. కనబడకపోతే, మోటారు లోడుతో పరీక్షించారా అని అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. నేను ఆ ప్రశ్న అడిగి ఉంటే, వాపసు కోరినప్పుడు నా చేతిలో వారి జవాబైనా ఉండేది.